కింద కోసేసిన బార్లు

వాది: 2012లో అమెరికాలో ఫాక్స్ న్యూస్ తెర మీద ఒక బార్ చార్టు వచ్చింది. బుష్ హయాంలో ఇచ్చిన పన్ను తగ్గింపుల గడువు తీరిపోతే ఏమవుతుందన్నది విషయం. రెండే బార్లు. ఎడమ బారు కింద ‘ఇప్పుడు’ అనీ, కుడి బారు కింద ‘2013 జనవరి 1’ అనీ ఉంది. మొదటిదాని మీద 35 శాతం, రెండోదాని మీద 39.6 శాతం అని రాశారు. బాగా పెద్ద ఆదాయాల మీద పడే పై శ్లాబు రేటు అది. బొమ్మ చూస్తే మాత్రం కుడి బారు ఎడమదానికి ఐదు రెట్లకు మించిన ఎత్తులో ఉంది. ఆ స్క్రీన్‌షాట్ ఇంకా తిరుగుతూనే ఉంది. నా క్లాసులో స్టాటిస్టిక్స్ పిల్లలకు మొదట చూపించే బొమ్మ అదే. నా ఉద్దేశం సూటిగా చెప్పేస్తాను: అది అబద్ధం.

ప్రతివాది: అంత పెద్ద మాట ఎందుకు మాస్టారూ? 35 అని రాసి ఉంది, 39.6 అని రాసి ఉంది. నిలువు అక్షం మీద 34 నుంచి 42 దాకా అంకెలు వేసి ఉన్నాయి. అందులో ఒక్క అంకె తప్పు లేదు. దాచిందేమీ లేనప్పుడు అబద్ధం ఎక్కడినుంచి వచ్చింది? పత్రికలో గ్రాఫిక్స్ వేసుకు బతికేవాణ్ని, ఇలా అక్షాన్ని పైనుంచి మొదలుపెట్టిన రోజులు నాకూ ఉన్నాయి. నేను ఎవరినీ మోసం చేయాలనుకోలేదు.

వాది: మీ మనసులో ఏముందన్నది నాకు అక్కర్లేదు. బారు ఏం చెప్తోందన్నదే నా ప్రశ్న. బారు చార్టులో పాఠకుడు చదివేది ఎత్తు. ఇది దానికి రెండింతలుంది, ఇది సగమే ఉంది అని కన్ను ముందే లెక్క కట్టేస్తుంది, అంకెలు ఆ తర్వాత చదువుతాం. ఎత్తుకు అర్థం ఉండాలంటే బారు అడుగు సున్నా మీద ఉండాలి. ఇక్కడ అడుగు 34 మీద ఉంది. అంటే మొదటి బారులో 34 పాళ్లు తెర కిందకు పోయి, ఒక్క పాలు పైకి కనిపిస్తోంది. రెండోదానిలో 5.6 పాళ్లు కనిపిస్తున్నాయి. ఇద్దరు మనుషులను గోడ వెనక నిలబెట్టి, పైకి కనిపించే తలలను మాత్రం కొలిచి, వీడు వాడికి ఐదు రెట్లు పొడుగన్నట్టుంది.

ప్రతివాది: సరే, లెక్క మొత్తం చేసి చూపించండి. ఐదు రెట్లు కాదు, ఎంత మరి?

వాది: రెండు విలువలనూ భాగించడమే. 39.6ను 35తో భాగిస్తే 1.131. రేటు 13.1 శాతం పెరుగుతుందన్నమాట. 4.6 పెరుగుదలను 35తో భాగించినా అదే వస్తుంది. బొమ్మ చెప్పే పెరుగుదల ఎంత? 1 కాస్తా 5.6 అయింది, అంటే 460 శాతం. ఎడ్వర్డ్ టఫ్టీ అనే ఆయన 1983లో వచ్చిన పుస్తకంలో ఇలాంటివాటికి ఒక కొలత పెట్టాడు. బొమ్మలో కనిపించే మార్పును అసలు మార్పుతో భాగించమన్నాడు. అది ఒకటికి దగ్గరగా ఉంటే బొమ్మ నిజాయితీగా ఉన్నట్టు. ఇక్కడ 460ని 13.1తో భాగిస్తే 35 వస్తుంది.

ప్రతివాది: ముప్పై అయిదు రెట్ల అతిశయోక్తి!

వాది: ఇందులో నాకు నచ్చే విషయం ఒకటుంది. ఆ 35 రాబట్టడానికి ఇంత లెక్క అక్కర్లేదు. చిన్న బారు విలువను, తెర మీద కనిపిస్తున్న దాని ముక్క విలువతో భాగిస్తే చాలు. విలువ 35, కనిపించే ముక్క 1, కాబట్టి 35 రెట్లు. రెండో బారు ఎంతున్నా ఈ జవాబు మారదు. అదే అక్షం 30 దగ్గర మొదలై ఉంటే కనిపించే ముక్క 5, అతిశయం 7 రెట్లు. 20 దగ్గర మొదలైతే ముక్క 15, అతిశయం రెండుంపావు రెట్ల పైచిలుకు. చార్టు కంటపడగానే నేను ముందు వెతికేది అక్షం అడుగున ఉన్న అంకెనే. దాన్ని చిన్న బారు విలువ పక్కన పెట్టి చూస్తే, బొమ్మను ఎన్ని రెట్లు సాగదీశారో నోటిలెక్కలో తేలిపోతుంది.

ప్రతివాది: అంకె ఉంటే బాగానే ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చే స్క్రీన్‌షాట్లలో సగం ఎడమ అంచు కత్తిరించే వస్తాయి. కొన్ని చార్టులకు మొదటినుంచీ అక్షమే ఉండదు. అప్పుడేం చేస్తారు?

వాది: బార్ల మీద విలువలు రాసి ఉండి, వాటి అడుగు కనిపిస్తే చాలు. పిక్సెళ్లు కొలవచ్చు. కంప్యూటర్లో ఏ బొమ్మల ప్రోగ్రామ్‌లో తెరిచినా కర్సర్ ఎక్కడుందో అంకెల్లో చూపిస్తుంది. ఇదే పన్ను చార్టు తీసుకోండి. మన దగ్గరున్న స్క్రీన్‌షాట్‌లో చిన్న బారు 50 పిక్సెళ్లు, పెద్దది 280 పిక్సెళ్లు వచ్చిందనుకుందాం. తేడా 230 పిక్సెళ్లు. విలువల్లో తేడా 4.6. కాబట్టి ఒక్కో శాతం పాయింటుకు 50 పిక్సెళ్లు. చిన్న బారు ఎత్తే 50 పిక్సెళ్లు కాబట్టి అందులో ఉన్నది ఒక్క పాయింటు. దాని విలువ 35, అందులో ఒకటి తీసేస్తే అడుగు 34 దగ్గర ఉంది. అక్షాన్ని ఎవరు కత్తిరించినా, అది ఎక్కడ మొదలైందో బార్లే బయటపెడతాయి.

ప్రతివాది: స్క్రీన్‌షాట్‌ను ఎవరో ఫోన్లో సాగదీసి పంపితే?

వాది: ఫరవాలేదు. నిలువునా సాగదీస్తే రెండు బార్లూ ఒకే లెక్కన సాగుతాయి, నిష్పత్తి మారదు. అడ్డంగా నొక్కేసినా ఎత్తులకు ఏమీ కాదు. కొంప ముంచేవి వేరే ఉన్నాయి. బార్ల అడుగును కత్తిరించి పంపితే కొలవడానికి ఏమీ మిగలదు. త్రీడీ బార్లయితే పైకప్పు ముందు అంచు దగ్గర కొలవాలా, వెనక అంచు దగ్గర కొలవాలా అన్న తగాదా. బారును కాస్త ఏటవాలుగా ఫోటో తీసి పంపినా చిక్కే.

ప్రతివాది: మీ పద్ధతిలో ఇంకో పెద్ద బొక్క ఉంది మాస్టారూ, మీరు దాన్ని దాటేశారు. రెండే బార్లున్నప్పుడు ఈ లెక్క ఎప్పుడూ ఏదో ఒక అడుగును ఇస్తుంది. ఆ బొమ్మ వేసినవాడు స్కేలే పాటించకుండా ఇష్టమొచ్చినట్టు రెండు డబ్బాలు గీసినా, మీ లెక్క మాత్రం ఠక్కున ఒక అంకె చెప్పేస్తుంది. అక్షం అక్కడినుంచి మొదలైందని మీరు నమ్మేస్తారు. అసలక్కడ అక్షమే లేదేమో.

వాది: ఒప్పుకుంటున్నాను. రెండు బార్లతో అడుగు దొరుకుతుందే గానీ, స్కేలు ఉందన్న రుజువు దొరకదు. మూడో బారు ఉంటే అది సాక్ష్యం. మొదటి రెండింటితో అడుగు కనిపెట్టి, దాన్నిబట్టి మూడోది ఎన్ని పిక్సెళ్లు ఉండాలో లెక్కవేసి, తర్వాత కొలవాలి. ఒకటి రెండు పిక్సెళ్ల తేడాతో కలిస్తే అక్షాన్ని కోశారని ధైర్యంగా చెప్పొచ్చు. కలవకపోతే అది కోత కూడా కాదు, ఉత్త చేతివాటం. రెండే బార్లున్నప్పుడు మాత్రం ‘ఇది స్కేలు ప్రకారం గీసిందైతే, అడుగు ఇక్కడుంది’ అని షరతు పెట్టి చెప్పాలి.

ప్రతివాది: అలాంటిది నిజంగా జరిగిన ఉదాహరణ చెప్పండి.

వాది: అదే చానెల్, 2014 మార్చి 31. ఒబామా ఆరోగ్య బీమా చట్టం కింద ఎంతమంది చేరారన్న చార్టు. మార్చి 27 నాటికి 60 లక్షలు. మార్చి 31 లక్ష్యం 70 లక్షల 66 వేలు. అక్షం మీద అంకెల్లేవు. మొదటి బారు రెండోదానిలో దాదాపు మూడో వంతు ఎత్తుంది. లెక్క చూద్దాం. చిన్నది ఒక పాలు, పెద్దది మూడు పాళ్లు. తేడా రెండు పాళ్లు, అది 10.66 లక్షలకు సమానం. ఒక పాలు 5.33 లక్షలు. 60లో 5.33 తీసేస్తే అడుగు 54.67 లక్షల దగ్గర తేలుతుంది. చేతిలో పెన్ను ఉన్న మనిషి ఎవడైనా 54.67 లక్షల దగ్గర అక్షం మొదలుపెడతాడా? ఎత్తును సుమారుగా తీసుకున్నాం కాబట్టి అడుగు కాస్త అటూ ఇటూ జరగొచ్చు, కానీ సున్నాకు మాత్రం దరిదాపుల్లోకి రాదు. విమర్శలు వచ్చాక చానెలే సరిదిద్దిన చార్టు చూపించింది.

ప్రతివాది: అసలు తేడా ఎంత?

వాది: లక్ష్యానికి 15.1 శాతం తక్కువ.

ప్రతివాది: లేదా, ఉన్నదాని మీద ఇంకా 17.8 శాతం చేరాలి. చూశారా? 10.66ను 70.66తో భాగిస్తే 15.1. అదే 60తో భాగిస్తే 17.8. ‘అసలు తేడా’ అని మీరు ఒకే అంకె చెప్పారు, నాకు రెండు కనిపిస్తున్నాయి.

వాది: ప్రశ్నను బట్టి హారం. లక్ష్యానికి ఎంత దూరంలో ఉన్నాం అన్నప్పుడు లక్ష్యంతో భాగిస్తాం. పెరుగుదల అన్నప్పుడు మొదటి విలువతో భాగిస్తాం. ఏది వాడామో చెప్తే గొడవ లేదు. రెండిట్లో ఏదైనా సరే, బొమ్మ చూపించిన ‘మూడో వంతే చేరారు’ అన్న భావానికి మాత్రం ఆమడ దూరం. ఆ మర్నాడే, ఏప్రిల్ 1న, 71 లక్షల మంది చేరారని ఒబామా ప్రకటించాడు. బొమ్మను నమ్మినవాళ్లకు ఆ వార్త మాయలా కనిపించి ఉంటుంది.

ప్రతివాది: ఆ చార్టును నేను వెనకేసుకురాను. అక్షమే చూపించని బారుకు నా దగ్గర సమర్థన లేదు. కానీ పన్ను చార్టు దగ్గరికి తిరిగి వద్దాం, ఎందుకంటే అక్కడ మీ గెలుపు నాకు అంత ఖాయంగా కనిపించడం లేదు. 13.1 శాతం అన్నారు. అది రేటులో పెరుగుదల. పన్ను కట్టేవాడి వైపునుంచి చూడండి. పై శ్లాబులో పడిన ప్రతి వంద డాలర్లలో అంతకుముందు 65 మిగిలేవి, ఇక మీదట 60.4 మిగులుతాయి. మిగిలేది 7.1 శాతం తగ్గింది. శాతం పాయింట్లలో చెప్తే 4.6. ఒకే చట్టం, ఒకే మార్పు. 13.1, 7.1, 4.6 అని మూడు అంకెలు వచ్చాయి. ‘అసలు సాపేక్ష తేడా’ అని మీరు పిల్లలకు చెప్పేది ఇందులో ఏది?

వాది: ఏ రాశిని బారుగా గీశారో, దాని తేడా. ఫాక్స్ వాళ్లు గీసింది పన్ను రేటు. అందుకే 13.1.

ప్రతివాది: అంటే బొమ్మ గీసినవాడు ఎంచుకున్న రాశిని మీరు మారుమాట్లాడకుండా ఒప్పుకుంటున్నారు, అడుగును మాత్రం ఒప్పుకోవడం లేదు. ఇంకాస్త గట్టి ఉదాహరణ చూడండి. ఒక సర్వీసు ఏడాదిలో 99 శాతం సమయం పనిచేసేది, ఇప్పుడు 99.5 శాతం పనిచేస్తోంది అనుకుందాం. సున్నా నుంచి బార్లు గీస్తే రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. మీ భాగహారం అర శాతం మెరుగు అంటుంది. కానీ ఆగిపోయే సమయం ఒక శాతం నుంచి అర శాతానికి, సరిగ్గా సగానికి పడిపోయింది. ఇంజినీరు ఏడాదంతా పడ్డ పాటు ఆ సగంలో ఉంది. మీ సున్నా దాన్ని పూర్తిగా మింగేసింది. అక్షాన్ని 98 దగ్గర మొదలుపెడితే కనీసం ఏదో జరిగిందని పాఠకుడికి అందుతుంది.

వాది: ఏదో జరిగిందని అందుతుంది, ఎంత జరిగిందో తప్పుగా అందుతుంది. 98 నుంచి మొదలుపెడితే ఒక బారు 1, ఇంకోటి 1.5. ఒకటిన్నర రెట్లు మెరుగు అని చూపిస్తుంది, అది ఏ లెక్కలోనూ నిజం కాదు. ఆగిపోయిన సమయమే మీరు చెప్పదలచుకున్న సంగతైతే, ఆగిపోయిన సమయాన్నే గీయండి. సున్నా నుంచి, ఒకటి, అర. సగమైందని కన్నుకు తెలుస్తుంది, లెక్కకూ సరిపోతుంది. కోత పెట్టాల్సిన అవసరం వచ్చిందంటే, చాలాసార్లు గీయాల్సిన రాశిని వదిలేసి పక్క రాశిని గీస్తున్నామని అర్థం.

ప్రతివాది: అది మంచి మాట, రాసిపెట్టుకుంటాను. కానీ ప్రతి సంగతికీ అలా మరోవైపు ఉండదు. ఉష్ణోగ్రత తీసుకోండి. 20 డిగ్రీల సెల్సియస్, 40 డిగ్రీల సెల్సియస్. రెండో రోజు రెట్టింపు వేడి అందామా? అవే ఫారెన్‌హీట్‌లో 68, 104. ఇప్పుడు ఒకటిన్నర రెట్లే అయింది. వేడి మారలేదు, సున్నా జాగా మారింది. 2015 డిసెంబరులో అమెరికాలో నేషనల్ రివ్యూ అనే పత్రిక భూమి సగటు ఉష్ణోగ్రత చార్టు పెట్టింది. మైనస్ 10 నుంచి 110 ఫారెన్‌హీట్ దాకా అక్షం. నూరేళ్లకు పైబడిన మార్పు అందులో బల్లపరుపు గీతలా కనిపించింది. సున్నా ఉంది, మరి నిజం ఉందా?

వాది: లేదు. అది మోసమే, రెండో దిక్కునుంచి వచ్చిన మోసం. మీరు ఇక్కడ నన్ను రెండు సంగతులు ఒప్పుకోమంటున్నారు, ఒప్పుకుంటాను. సున్నాకు అర్థం లేని కొలతలో నిష్పత్తి తీయకూడదు, అక్కడ తేడానే చెప్పాలి. ఇన్ని డిగ్రీలు పెరిగింది అనాలి, ఇంత శాతం అనకూడదు. రెండోది, గీత చార్టుకు సున్నా తప్పనిసరి కాదు. గీతలో మనం చూసేది వాలు, ఎత్తు కాదు. కానీ ఆ ఉదాహరణ బార్లను కాపాడదు. అర్థం లేని సున్నా మీద నిలబెట్టిన బారు కూడా అర్థం లేనిదే. ఉష్ణోగ్రతకు బార్లే వేయకూడదు అంటాను.

ప్రతివాది: అయితే ఇదీ వినండి. పన్ను చార్టులో రెండు బార్లు తీసేసి, అదే 34 నుంచి 42 అక్షం మీద, అవే ఎత్తుల దగ్గర, రెండు చుక్కలు పెడతాను. మీ నియమం ప్రకారం ఇప్పుడది నిజాయితీ గల చార్టు. చూసేవాడి కంటికి మాత్రం ఒక చుక్క నేల మీద, ఇంకోటి నింగిలో. వాడి భయంలో తేడా ఏం వస్తుంది? రంగు నింపిన డబ్బా పోయింది, అంతేగా.

వాది: ఆ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. చుక్క ‘నేను ఇన్ని రెట్లు’ అని చెప్పదు, ‘నేను ఇక్కడున్నాను’ అంటుంది. బారు రెట్లు చెప్తుంది. ఆ తేడా తెలిసినవాడికి తెలుస్తుంది. తెలియనివాడు చుక్కలను చూసి కూడా బెదిరిపోవచ్చు.

ప్రతివాది: తెలియనివాడే కదా మన పాఠకుడు. ఇంకొకటి. మీరు కోత వేసినవాణ్ని దొంగలా చూస్తున్నారు. ఎక్సెల్‌లో 35, 39.6 రాసి బార్ చార్టు నొక్కి చూడండి. విలువలు దగ్గర దగ్గరగా ఉంటే, అంటే పెద్దదానికీ చిన్నదానికీ తేడా పెద్దదానిలో సుమారు ఆరో వంతు కన్నా తక్కువుంటే, అక్షాన్ని సున్నా వదిలేసి పైనుంచే మొదలుపెడుతుంది. 4.6 అంటే 39.6లో ఎనిమిదో వంతు కూడా కాదు. కాబట్టి ఎక్సెలే దాన్ని కోసి ఇస్తుంది. డెడ్‌లైన్ మీద పనిచేసే కుర్రాడు అదే కాపీ చేసి పేజీలో పెడతాడు. కుట్ర ఎక్కడుంది?

వాది: కుట్ర అని నేననలేదు. ఎక్సెల్ అలా చేస్తుందని తెలిసినప్పుడు, అక్షం మీద రైట్‌క్లిక్ కొట్టి కనిష్ఠం దగ్గర సున్నా టైపు చేయడం ఎంత సేపు? నిజానికి ఇది నా వాదనకే బలం. మోసం చేయాలన్న ఉద్దేశం లేకుండానే ఇన్ని కోతలు పుడుతున్నాయంటే, చూసేవాడు ప్రతిదాన్నీ అడుగునుంచి పరీక్షించుకోవాలి.

ప్రతివాది: దానికన్నా ఒక హెచ్చరిక రాస్తే పోదా? ‘అక్షం సున్నా నుంచి మొదలు కాలేదు’ అని కింద చిన్న అక్షరాల్లో. లేదా అక్షం మీద ఆ వంకర గీత, తెగిందని చెప్పే గుర్తు. పాఠకుణ్ని మరీ అమాయకుణ్ని చేయకండి.

వాది: అదే పరీక్షించారు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. కోసిన బార్లు చూసినవాళ్లు తేడాను ఎక్కువగా అంచనా వేశారు, అది ఊహించినదే. కోత అంటే ఏమిటో ముందే వివరించి, జాగ్రత్తగా చూడమని చెప్పినా ఆ ప్రభావం తగ్గిందే తప్ప పోలేదు. నేను హెచ్చరికలను వద్దనను. కానీ కన్ను అప్పటికే లెక్క కట్టేశాక కింద రాసిన ముక్క ఎంతని సరిదిద్దుతుంది?

ప్రతివాది: ఆ లెక్కన మీరు నేర్పే భాగహారం కూడా సగమే పనిచేస్తుందిగా? 13.1 అని తెలిశాక కూడా మనసులో ఐదు రెట్ల బొమ్మే మిగిలిపోవచ్చు.

వాది: అందుకే అంకెతో ఆగకూడదు, బొమ్మను మళ్లీ గీసుకోవాలి. కాగితం మీదైనా సరే. ఒక్కో శాతానికి పది పిక్సెళ్లు పెట్టుకుంటే ఎడమ బారు 350, కుడిది 396. తేడా 46. దాన్ని చూడండి, దాచింది లేదు, పెంచింది లేదు. సున్నా నుంచి గీస్తే ఏమీ కనిపించదన్నారు మీరు. ఇక్కడ కనిపిస్తోంది కదా. ఎనిమిదింట ఒక వంతు కన్నా కాస్త ఎక్కువ పెరిగినట్టు, ఉన్నది ఉన్నట్టుగా.

ప్రతివాది: ఈ బొమ్మలో కనిపిస్తోంది, ఒప్పుకున్నాను. కానీ ఈ బొమ్మ చెప్పనిది ఒకటుంది. ఈ రేటు ఎవరి మీద? 2012లో 35 శాతం శ్లాబు మొదలయ్యేది పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 3,88,350 డాలర్లు దాటిన తర్వాత. ఆ పైన వచ్చినదాని మీదే ఆ రేటు, మొత్తం మీద కాదు. చివరికి 2013 జనవరిలో సంతకమైన చట్టం 39.6 తెచ్చినప్పుడు హద్దును ఇంకా పైకి జరిపింది, ఒంటరి వాళ్లకు నాలుగు లక్షలు, దంపతులకు నాలుగున్నర లక్షల డాలర్లు. అమెరికాలో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లలో అత్యధికుల జీతానికి ఆ బారుతో పనే లేదు. ఆ స్క్రీన్‌షాట్ చూసి ‘మన పన్ను ఐదింతలవుతుందట’ అని కంగారుపడినవాడికి మీరు 13.1 చేతిలో పెడతారు. వాడు ‘అయితే నా పన్ను 13 శాతం పెరుగుతుంది’ అనుకుంటాడు. అదీ తప్పే. కోసిన అక్షాన్ని సరిచేసి, వాడిని ఇంకో తప్పులోకి పంపారు.

వాది: నిజం. భాగహారం బొమ్మను సరిచేస్తుందే గానీ, విషయాన్ని సరిచేయదు. 13.1 అన్నది ఆ బొమ్మ చెప్పాల్సిన మాట, అంతవరకే. దాన్ని ఎవరి జేబుకు అన్వయించాలన్నది వేరే పని. కానీ మొదటి పని చేయకుండా రెండోదానికి ఎలా వెళతారు? ఐదు రెట్లు అన్న భ్రమలో ఉన్నవాడితో శ్లాబుల గురించి ఏం మాట్లాడతారు?

ప్రతివాది: నేనైతే శ్లాబుతోనే మొదలుపెడతాను. ‘నీ ఆదాయం నాలుగు లక్షల డాలర్లు దాటిందా?’ అని అడుగుతాను. లేదంటే ఆ బార్లు ఎంత ఎత్తున్నాయన్నది వాడికి అనవసరం.

వాది: వాడికి అనవసరం కావచ్చు, ఓటు వేసేటప్పుడు మాత్రం అవసరం. తనకు సంబంధం లేని పన్ను మీద కూడా మనిషి అభిప్రాయం పెట్టుకుంటాడు, దాన్ని ఆ బొమ్మలోంచే తెచ్చుకుంటాడు. ఆ చార్టు వేసింది శ్లాబులో ఉన్నవాళ్ల కోసం కాదు కదా.

ప్రతివాది: అదీ పాయింటే. సరే, చివరిగా ఒకటి. రేపు ఇదే విషయం నా పేజీకి వచ్చిందనుకోండి. ఒక్క చార్టుకే చోటుంది. పన్ను రేటు బార్లు సున్నా నుంచి వేస్తే 13.1 శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. చేతిలో మిగిలేది సున్నా నుంచి వేస్తే 65, 60.4, అంటే 7.1 శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. రెండూ మీ నియమానికి నూటికి నూరుపాళ్లు లోబడినవే. పన్ను వద్దనేవాడు మొదటిది వేయమంటాడు, ఫరవాలేదనేవాడు రెండోది వేయమంటాడు. మీరైతే ఏది వేస్తారు?

వాది: చట్టం మార్చేది రేటును. రేటే వేస్తాను, సున్నా నుంచి. పక్కన 4.6 శాతం పాయింట్లు అని రాస్తాను.

ప్రతివాది: నేనైతే బార్లే వేయను. 35, 39.6 అని రెండు అంకెలు పెద్ద అక్షరాల్లో వేసి, కింద ‘నాలుగు లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద మాత్రమే’ అని రాసి, మిగతా చోటు ప్రకటనల వాళ్లకు ఇచ్చేస్తాను.

వాది: అలా వేస్తే మీ ఎడిటర్ ఊరుకుంటాడా?

ప్రతివాది: ఊరుకోడు. ‘గ్రాఫిక్ ఏదయ్యా’ అంటాడు. అప్పుడు మీరు చెప్పిన 350, 396 బార్లు గీసి పట్టుకెళ్తాను. ఆయన చూసి, ‘తేడా సరిగ్గా కనిపించడం లేదు, కింద కొంచెం కట్ చెయ్’ అంటాడు.